వరంగల్‌కి రెడ్ పడింది... తప్పు నా ఫార్ములాది!

నెల మొదటి వారం. మంత్లీ రిపోర్ట్ పంపేసి, హమ్మయ్య అనుకుని టీ తాగుతున్నా. వరంగల్ బ్రాంచ్ సూపర్‌వైజర్ అన్న ఫోన్. "తమ్మీ, మా దగ్గర రిపీట్ కంప్లైంట్లు తగ్గినయ్. మీ రిపోర్ట్‌ల మాకు రెడ్ ఎట్ల పడ్డది? పోరగాళ్ల ఇన్సెంటివ్ ఆపుతమంటున్రు."

నేను అప్పట్లో ఏసీలు, వాషింగ్ మెషీన్లు రిపేర్ చేసే ఒక సర్వీస్ కంపెనీలో ఎంఐఎస్ చూసేవాణ్ణి. ప్రతి టార్గెట్ పక్కనా ఒక రంగు ఉండేది. టార్గెట్ అందుకుంటే గ్రీన్, కొంచెం తప్పితే ఆంబర్, బాగా తప్పితే రెడ్. పెద్దసార్లు అంకెలు చదవరు, రంగులే చూస్తారు. అందుకే అన్న గొంతులో ఆ కంగారు.

షీట్ తెరిచి చూశా. మొదటి వరుస, చెప్పిన టైముకి ఇంటికెళ్లిన విజిట్లు. టార్గెట్ 95 శాతం, 90 వరకు ఆంబర్. B లో వచ్చిన అంకె, C లో టార్గెట్, D లో ఆంబర్ హద్దు. ఫార్ములా ఇదీ:

```
=IF(B2>=C2,"Green",IF(B2>=D2,"Amber","Red"))
```

ఇందులో తప్పేం లేదు. కానీ నేను దీన్నే కిందిదాకా లాగేశా. ఏడో వరుసలో ఉన్నది రిపీట్ కంప్లైంట్లు. అంటే రిపేర్ చేసిన 30 రోజుల్లోపే అదే మెషీన్ మళ్లీ మొరాయించడం. ఇది ఎంత తక్కువైతే అంత మంచిది. టార్గెట్ 4 శాతం, 6 దాకా ఆంబర్. వరంగల్‌ది 3 శాతం. ఫార్ములా ఏం చూసింది? 3 అనేది 4 కంటే ఎక్కువా? కాదు. 6 కంటే ఎక్కువా? కాదు. అయితే రెడ్! విజయవాడ 7 శాతం. 4 కంటే ఎక్కువే కదా, గ్రీన్! కస్టమర్లు రెండోసారి తిట్టుకుంటున్న చోట గ్రీన్, పని బాగా చేసిన చోట రెడ్.

ఇంకో సంగతి అప్పుడే కంటపడింది. ఆ వరుసలో నెలల తరబడి ఒక్క ఆంబర్ కూడా లేదు. ఉండదు కూడా. ఆంబర్ హద్దు 6, టార్గెట్ 4 కంటే పైన ఉంది కాబట్టి ఆ ఫార్ములాలో ఆంబర్‌కి చోటే లేదు. మీ రిపోర్ట్‌లో ఏ వరుసైనా ఎప్పుడూ ఆంబర్ చూపించకపోతే, ముందు దాన్ని అనుమానించండి.

గుర్తులు తిప్పేసి, సరిపోయింది అనుకున్నా. ఈసారి కరీంనగర్‌కి గ్రీన్ వచ్చింది. వాళ్లు ఆ నెల డేటానే పంపలేదు! ఖాళీ గడిని ఎక్సెల్ ఇలా పోల్చేటప్పుడు సున్నాగా తీసుకుంటుంది. సున్నా 4 కంటే తక్కువే కదా మరి. అంటే డేటా ఎగ్గొట్టినవాడికి ఫస్ట్ మార్కు. చివరికి ఇలా మార్చా:

```
=IF(B7="","No data",IF(B7<=C7,"Green",IF(B7<=D7,"Amber","Red")))
```

"No data" గడికి బూడిద రంగు వేశా. అది మంచీ కాదు, చెడూ కాదు. కానీ ఎవరో ఒకరు ఫోన్ చేసి అడగాల్సిన రంగు.

అప్పట్నుంచీ రిపోర్ట్ పంపేముందు ఒక కాపీలో ప్రతి వరుసకీ ఐదు పరీక్షలు పెడతా. ఈ వరుసకైతే 4, 4.1, 6, 6.1, ఆ తర్వాత ఖాళీ గడి. వరసగా గ్రీన్, ఆంబర్, ఆంబర్, రెడ్, No data రావాలి. రెండు నిమిషాల పని. తప్పులు దాక్కునేది ఎప్పుడూ హద్దుల దగ్గరే.

ఫార్ములా సరిగ్గా ఉన్నా రంగు మోసం చేసే చోటు ఇంకొకటుంది. చిన్న బ్రాంచ్‌లో నెలకి 20 రిపేర్లే అనుకోండి. ఒక్క రిపీట్ వస్తే 5 శాతం, ఆంబర్. రెండొస్తే 10 శాతం, రెడ్. ఒకే ఒక్క పాత ఫ్రిజ్ బ్రాంచ్ రంగు మార్చేస్తుంది. అలాంటి చోట మూడు నెలల రిపేర్లు, రిపీట్లు కలిపి లెక్కేసి రంగు వేయడం మొదలుపెట్టాం. ఆ పద్ధతి రిపోర్ట్ కిందే రాశాం, నచ్చని రంగు వచ్చాక రూల్ మార్చారని ఎవరూ అనకుండా.

అదే రోజు తప్పు ఒప్పుకుంటూ సరిచేసిన రిపోర్ట్ అందరికీ పంపా. మా మేనేజర్ దగ్గర చీవాట్లు పడ్డాయి, న్యాయమే. వరంగల్ కుర్రాళ్ల ఇన్సెంటివ్ ఆగలేదు. విజయవాడలో రిపీట్లు ఎందుకొస్తున్నాయో అప్పుడు గానీ ఎవరూ అడగలేదు. అన్నీ గ్రీన్ అనుకున్న చోట ఎవరు మాత్రం అడుగుతారు?