సబ్బు కండక్టరు కథ

మా చిన్నోడికి నాలుగేళ్ళు. చేతులు కడుక్కోమంటే పంపు కింద వేళ్ళ చివర్లు తడిపి, చొక్కాకి తుడుచుకుని వచ్చేస్తాడు. "కడుక్కున్నావా?" అంటే "ఆ" అంటాడు. అబద్ధమేం కాదు, వాడి లెక్కలో కడుక్కోవడమంటే అదే.

పగలు చెప్తే ఎక్కడం లేదు కదా, రాత్రి కథలో చెప్దామని ఒక పురుగుల రాక్షసుడి కథ అల్లాను. చేతులు కడుక్కోని పిల్లాడి పొట్టలో దూరి కోరలతో కొరికేస్తాడన్నమాట. వాడు కళ్ళు ఇంతింత చేసుకుని విన్నాడు. నాకు భలే గర్వమనిపించింది. మర్నాడు మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని రెండు చేతులూ వెనక్కి దాచేసుకున్నాడు. "నా చేతిలో పురుగులున్నాయి, నువ్వే తినిపించు." సబ్బుతో కడిగి చూపించినా నమ్మలేదు. తన చేత్తో కలుపుకుని తినడం నేర్పడానికి నాకు ఏడాది పట్టింది. ఒక్క కథతో మళ్ళీ మూడు రోజులు చెంచా పట్టుకున్నాడు.

అందుకే నా అభిప్రాయం ఇది. చేతులు కడుక్కునే కథలో చెయ్యి చెడ్డది కాకూడదు. భయపెట్టే కథ పిల్లలకి గుర్తుంటుంది, కానీ గుర్తుండేది భయమే. ఎలా కడుక్కోవాలో, ఎందుకు కడుక్కోవాలో రెండూ గుర్తుండవు.

అప్పుడు ఏడు చేపల కథ గురించి ఆలోచించాను. మనందరం వందసార్లు విన్నదే. అందులో అడిగే ప్రశ్న మారదు, అడిగించుకునేవాళ్ళే మారతారు. ఒకరి జవాబు వెనక ఇంకొకరి కారణం. మూడేళ్ళ పిల్ల కూడా చీమ దాకా తప్పు లేకుండా చెప్పేస్తుంది. "ఎందుకు" అనేది పిల్లల నోటికి అంత తేలిగ్గా పట్టుబడాలంటే మాట తిరిగి తిరిగి రావాలి. మా వాడికి బస్సులంటే ప్రాణం కాబట్టి బస్సు కథ తయారైంది. ఇదిగో.

అనగనగా ఒక బుజ్జి. బుజ్జికి రెండు బస్సులు. ఒకటి కుడిచేతి బస్సు, ఒకటి ఎడమచేతి బస్సు. పొద్దున్నే బుజ్జి ఇసకలో పిచ్చుక గూడు కట్టింది. బస్సులోకి ఎవరో ఎక్కారు. ఎక్కారెక్కారు, టిక్కెట్టు లేదు, కంటికి కనపడరు!

తర్వాత బుజ్జి కుక్కపిల్లని నిమిరింది. ఇంకా కొందరు ఎక్కారు. ఎక్కారెక్కారు, టిక్కెట్టు లేదు, కంటికి కనపడరు!

తర్వాత బుజ్జి దొడ్డికెళ్ళింది. అక్కడ బోలెడంతమంది ఎక్కారు. ఎక్కారెక్కారు, టిక్కెట్టు లేదు, కంటికి కనపడరు!

అమ్మ పప్పన్నంలో నెయ్యి వేసి పిలిచింది. బుజ్జి ముద్ద కలపబోయింది. ఆగాగు! ఈ బస్సు తర్వాతి స్టాపు బుజ్జి నోరు. ఆ తర్వాత బుజ్జి పొట్ట. వీళ్ళు అక్కడ దిగితే పొట్టలో ఒకటే గోల, బుజ్జికి కడుపునొప్పి, విరేచనాలు. అందుకని బుజ్జి నీళ్ళు పోసింది. ఎవ్వరూ కదల్లేదు! జిడ్డు పట్టుకుని కూర్చున్నారు. అప్పుడొచ్చాడు సబ్బు కండక్టరు. అరచేతుల్లో రుద్దాడు: దిగండి దిగండి, ఇదే ఆఖరి స్టాపు! చేతుల వెనక రుద్దాడు: దిగండి దిగండి, ఇదే ఆఖరి స్టాపు! వేళ్ళ సందుల్లో, బొటనవేళ్ళ చుట్టూ, గోళ్ళ కింద: దిగండి దిగండి, ఇదే ఆఖరి స్టాపు! నీళ్ళు జలజలా వచ్చి అందరినీ తీసుకెళ్ళిపోయాయి. బుజ్జి తువ్వాలుతో తుడుచుకుని పప్పన్నం తింది. బుజ్జోయి, నిద్రొచ్చింది.

ఇంతే. చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. పల్లవి దగ్గర కాస్త ఆగితే రెండో రాత్రికే చివరి మాట వాడే అందుకున్నాడు.

కథలో రెండు పల్లవులు కావాలనే పెట్టాను. మొదటిది "ఎందుకు", రెండోది "ఎలా". రెండోది ఒక్కో చోటికి రెండేసిసార్లు, అరచేతుల నుంచి గోళ్ళ దాకా నిదానంగా చెప్తే, రుద్దడానికి కావాలనే ఇరవై సెకన్లు దాటుతుంది. నాలుగేళ్ళవాడికి ఇరవై దాకా లెక్కపెట్టమంటే పదమూడు దగ్గర తప్పిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. పల్లవైతే తప్పిపోడు. ఇక ఎడమచేతి బస్సు మనందరి కోసం. అన్నానికి ముందు కుడిచెయ్యి ఒక్కటే తడుపుకునే అలవాటు మా ఇంట్లో పెద్దవాళ్ళకే ఉంది. కథలో రెండు బస్సులుంటే రెండోది వదిలేయడానికి పిల్లలు ఒప్పుకోరు.

జిడ్డు సంగతి కల్పన కాదు. సబ్బులో ఒక కొస నూనెని పట్టుకుంటుంది, ఇంకో కొస నీటిని పట్టుకుంటుంది. అలా మురికినీ క్రిములనీ చర్మం మీంచి ఊడదీసి నీళ్ళకి అప్పగిస్తుంది. ఆదివారం మా వాడికి ఇది చేసి చూపించాను. చేతులకి అరచెంచా కొబ్బరినూనె, చిటికెడు పసుపు రాసి ముందు ఒట్టి నీళ్ళ కింద పెట్టించాను. నీళ్ళు బొట్లు బొట్లుగా జారిపోయాయి, పసుపు అక్కడే ఉంది. "ఎవ్వరూ దిగలేదు!" అని అరిచాడు. తర్వాత సబ్బు పెట్టి రుద్దాడు. బొటనవేలి మొదట్లో, గోళ్ళ అంచుల్లో తప్ప అంతా పోయింది. రోజూ వాడు ఎక్కడ రుద్దడం లేదో నాకూ అప్పుడే తెలిసింది. (కడిగాక కూడా పసుపు ఛాయ కాస్త ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. జిడ్డుగా ఉన్న పసుపునే లెక్కలోకి తీసుకోండి. తెల్ల తువ్వాలు మాత్రం ఆ రోజు దాచేయండి.)

నీళ్ళలో మిరియాలపొడి చల్లి, సబ్బు రాసిన వేలు ముంచితే పొడి అంచులకి పరుగెత్తే ఆట ఒకటుంది కదా, పిల్లలు చూసి కేరింతలు కొడతారు. నాకది నచ్చదు. అక్కడ జరిగేది నీటిపై తలతన్యత తగ్గడం, క్రిములు భయపడి పారిపోవడం కాదు. అది చూసిన పిల్లాడికి సబ్బు తాకిస్తే చాలనిపిస్తుంది. రుద్దాలన్న అసలు ముక్కే అందులో లేదు.

కథ ఎంత బాగున్నా పంపు అందకపోతే దండగే. వాష్‌బేసిన్ ముందు ఒక పీట వేశాను, సబ్బుని వాడికి అందే ఎత్తులో పెట్టాను. "చేతులు కడుక్కున్నావా?" అని అడగడం మానేసి, వంటింట్లోంచి "ఆఖరి స్టాపు!" అని కేకేస్తున్నాను. మిగతాది వాడే అందుకుంటాడు. మొన్న భోజనానికి కూర్చున్న వాళ్ళ నాన్నని లేపి, "ఎడం బస్సు దింపలేదు నువ్వు" అని బేసిన్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

బడిలో పంపు దగ్గర సబ్బు ఉండదట. పోయినవారం నుంచి చిన్న డబ్బాలో సబ్బు ముక్క పెట్టి పంపిస్తున్నాను. నాలుగు రోజులు డబ్బా పొడిగానే తిరిగొచ్చింది. నిన్న తడిగా వచ్చింది, సబ్బు మీద ఎవరో చిన్న వేలితో బస్సు బొమ్మ గీకారు. మా వాడేనా అంటే, కాదట, పక్కన కూర్చునే అమ్మాయట.