మానిటర్ జోలికి పోకండి, కీబోర్డు మారిస్తే చాలు

ఆఫీసువాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి, సొంత డబ్బుతో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్ ఒకటి. బల్ల మాత్రం ఒక్కటే. రెండింటికీ చెరో మానిటరూ చెరో కీబోర్డూ పెట్టుకునేంత చోటు మన అపార్ట్‌మెంటు గదుల్లో ఎక్కడిది? అందుకే ఇంటి నుంచి పని చేసేవాళ్లంతా ఏదో ఒకరోజు కేవీఎం స్విచ్ గురించి ఆరా తీస్తారు. కీబోర్డు, వీడియో, మౌస్ మూడింటినీ ఒక్క బటన్‌తో ఈ కంప్యూటర్ నుంచి ఆ కంప్యూటర్‌కి మళ్లించే చిన్న పెట్టె అది. సర్వర్ గదుల్లో వరసగా పేర్చిన యంత్రాలన్నిటినీ ఒకే కీబోర్డుతో చూసుకోవడానికి వాడుతూ వచ్చిన సరుకు, ఇప్పుడు మన బల్లల మీదకి దిగింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మానిటరు ఒక్కటే ఉన్న ఇళ్లలో చాలావాటికి ఈ పెట్టె అక్కర్లేదు. అందులో సగం చాలు, అదీ చవకైన సగం.

మియాపూర్‌లో ఉండే మా మేనల్లుడి సంగతే చూడండి. వాడిది 27 అంగుళాల 4కె మానిటరు. వెనకాల రెండు హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్ ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కీ డెస్క్‌టాప్‌కీ మధ్య ఒక కేవీఎం పెట్టె కొని తగిలించాడు. సాయంత్రానికి ఫోను. "మామయ్యా, మౌస్ ఈడ్చుకుంటూ పోతోంది. కీబోర్డు బాగానే ఉంది, కర్సర్ మాత్రం నీళ్లలో నడుస్తున్నట్టుంది." విండోస్ సెట్టింగ్స్‌లో `Advanced display` తెరిచి రిఫ్రెష్ రేటు ఎంత చూపిస్తోందో చదవమన్నాను. 30 హెర్ట్జ్. తప్పు మౌస్‌ది కాదు. తెర సెకనుకు ముప్పైసార్లే మారుతోంది కాబట్టి కర్సర్ గెంతుతున్నట్టు కనిపిస్తోంది.

పెట్టె అట్ట మీద 4కె అని బొద్దు అక్షరాల్లో ఉంటుంది. దాని పక్కన 30 హెర్ట్జ్ అన్నది చీమ తలకాయంత ఉంటుంది. లోపలి సర్క్యూటు హెచ్‌డీఎంఐ 1.4 నాటిదైతే 4కె బొమ్మని సెకనుకు 30 సార్లకి మించి పంపలేదు. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 ఉండాలి. మానిటరు ఎంత మంచిదైనా, కేబుల్ ఎంత ఖరీదైనదైనా, మధ్యలో కూర్చున్న పెట్టె ఎంత ఇస్తే అంతే. వాడు దాన్ని వాపసు చేసి 60 హెర్ట్జ్‌ది తెచ్చుకున్నాడు. కర్సర్ కుదుటపడింది.

అసలు తలనొప్పి అప్పుడు మొదలైంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఎడమవైపు మెయిలు, కుడివైపు ఎక్సెల్, మధ్యలో బ్రౌజరు పేర్చుకుంటాడు. మధ్యాహ్నం ఐదు నిమిషాలు సొంత డెస్క్‌టాప్‌కి మారి, బటన్ నొక్కి వెనక్కి వస్తే కిటికీలన్నీ ఒక మూలకి కుప్పపడి ఉంటాయి. కొన్ని కుంచించుకుపోయి ఉంటాయి. రోజుకి పదిసార్లు అటూ ఇటూ మారేవాడికి పదిసార్లు ఇల్లు సర్దుకున్నట్టే.

ఇదెందుకు జరుగుతుందో తెలిస్తే ఏం కొనాలో దానంతటదే తెలిసిపోతుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మని మోసుకుపోవడంతో ఊరుకోదు, మానిటరు గురించిన కబురు కూడా వెనక్కి తెస్తుంది. కనెక్టర్‌లో పందొమ్మిదో పిన్ను ఉంటుంది. అందులో వోల్టేజీ ఉన్నంతసేపు అవతల మానిటరు ఉందని కంప్యూటరు నమ్ముతుంది. అప్పుడు వేరే రెండు తీగల మీదుగా మానిటరులోని చిన్న చిప్‌ని చదువుతుంది. తయారీదారు ఎవరు, మోడల్ ఏది, ఏయే రిజల్యూషన్లు తీసుకోగలదు అన్న వివరాలు 128 బైట్ల దిమ్మెలుగా అందులో రాసి ఉంటాయి. దాన్నే ఈడీఐడీ అంటారు. మామూలు కేవీఎం బటన్ నొక్కగానే, వదిలేసిన కంప్యూటర్ వైపు ఆ పిన్నులో వోల్టేజీ పోతుంది. మీరు వెళ్లింది పక్క కంప్యూటర్‌కే. ల్యాప్‌టాప్‌కి మాత్రం ఎవరో కేబుల్ ఊడబీకినట్టే లెక్క. అది వెంటనే తన సొంత చిన్న తెర మీదకి కిటికీలన్నీ లాక్కుంటుంది.

మూత మూసిన మ్యాక్‌బుక్ అయితే కథ ఇంకా ముదురుతుంది. బయటి తెర పోయిందంటే అది నిద్రలోకి జారుకుంటుంది. మీటింగు నడుస్తూ ఉంటే మనం మాయమైపోతాం.

విండోస్ 11లో డిస్‌ప్లే సెట్టింగ్స్ కింద `Remember window locations based on monitor connection` అని ఒకటుంది. టిక్కు పెట్టి ఉంచితే మానిటరు తిరిగి రాగానే కిటికీల్ని వాటి చోట్లలో పెట్టడానికి ప్రయత్నిస్తుంది. చాలావరకు పనిచేస్తుంది, అన్నిసార్లూ కాదు. గట్టి మందు కావాలంటే ఈడీఐడీ ఎమ్యులేషన్ ఉన్న కేవీఎం తీసుకోవాలి. అది మానిటరు చిప్‌లోని వివరాలని తనే కాపీ చేసి పెట్టుకుని, మీరు అటు వెళ్లినా ఇటున్న కంప్యూటరుకి మానిటరు ఇక్కడే ఉందని చెబుతూ ఉంటుంది. అలాంటివి ఉన్నాయి, బాగా పనిచేస్తాయి కూడా. కాకపోతే ధర మామూలు పెట్టెలకంటే చాలా ఎక్కువ.

ఇక్కడే నేను మా వాణ్ణి అడిగాను. "ఒరేయ్, నీ మానిటరుకి మూడు ఇన్‌పుట్లు ఉండగా రెండు కంప్యూటర్లనీ ఒకే దాంట్లోకి తోసి, ఆ దారి మధ్యలో కాపలా పెట్టడం ఎందుకురా?" ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐలో, డెస్క్‌టాప్‌ని డిస్‌ప్లేపోర్ట్‌లో నేరుగా పెట్టేస్తే రెండూ ఎప్పుడూ తగిలే ఉంటాయి. ఏది చూపించాలో మానిటరే మార్చుకుంటుంది. మిగిలింది కీబోర్డూ మౌసూ. వాటికి వీడియోతో సంబంధం లేని యూఎస్‌బీ స్విచ్ చాలు, యూఎస్‌బీ 2.0 అయినా ఎక్కువే. 60 హెర్ట్జా 30 హెర్ట్జా అన్న గొడవే ఉండదు.

కొనేముందు పైసా ఖర్చు లేకుండా ఒక పరీక్ష చేయండి. రెండు కంప్యూటర్లనీ మానిటరు వెనక రెండు ఇన్‌పుట్లకి తగిలించండి. ల్యాప్‌టాప్‌లో ఒక కిటికీని పెద్ద తెర మీదకి లాగి పెట్టండి. మానిటరు వెనకున్న బటన్‌తో రెండో ఇన్‌పుట్‌కి మారి, నిమిషం ఆగి, తిరిగి రండి. కిటికీ ఉన్నచోటే ఉంటే మీ మానిటరు మంచిది, కేవీఎం ఖర్చు మిగిలినట్టే. చూపించని ఇన్‌పుట్‌ని కూడా పూర్తిగా వదిలేసే మానిటర్లు కొన్నున్నాయి. ఈ జబ్బు డిస్‌ప్లేపోర్ట్‌లో ఎక్కువ. అలాంటప్పుడు డిస్‌ప్లేపోర్ట్‌లో ఉన్న కంప్యూటర్‌ని రెండో హెచ్‌డీఎంఐకి మార్చి మళ్లీ చూడండి. అప్పటికీ కుదరకపోతేనే ఎమ్యులేషన్ ఉన్న పెట్టె వైపు వెళ్లండి. మానిటరుకి ఉన్నది ఒకే ఇన్‌పుట్ అయినా, మీకు మానిటర్లు రెండు ఉన్నా అదే దారి.

మేనల్లుడి మానిటరు నెగ్గింది. అయితే ఒక ఇబ్బంది మిగిలింది, దాన్ని దాచను. ఇప్పుడు నొక్కాల్సినవి రెండు. కీబోర్డుకి ఒక బటను, తెరకి ఇంకొకటి. ఒకటి మార్చి రెండోది మరిచిపోతే, తెర మీద సొంత కంప్యూటర్ కనిపిస్తూ ఉంటుంది, మనం కొట్టే అక్షరాలు మాత్రం ఆఫీసు ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉన్న చాట్‌లో పడుతుంటాయి. బ్యాంకు పాస్‌వర్డ్ అలా టీమ్ గ్రూపులోకి వెళ్లే అవకాశం ఉంది.

దీనికి విరుగుడు మానిటరులోనే ఉంది. బ్రైట్‌నెస్ మొదలుకుని ఇన్‌పుట్ దాకా కంప్యూటర్ నుంచే మార్చమని చెప్పే పద్ధతి, డీడీసీ/సీఐ, చాలా మానిటర్లలో ఉంటుంది. మెనూలో అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఇన్‌పుట్‌కి కేటాయించిన కోడ్ 60. లైనక్స్‌లో అయితే ఇలా:

```
ddcutil setvcp 60 0x11
ddcutil setvcp 60 0x0f
```

మొదటిది హెచ్‌డీఎంఐ 1కి, రెండోది డిస్‌ప్లేపోర్ట్‌కి. కొన్ని కంపెనీల అంకెలు వేరుగా ఉంటాయి, `ddcutil capabilities` అని కొడితే మీ మానిటరువి కనిపిస్తాయి. మా వాడిది విండోస్. వాడు `display_switch` అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకున్నాడు. అది ఒక యూఎస్‌బీ పరికరం మీద కన్నేసి ఉంచి, అది వచ్చినప్పుడు ఒక ఇన్‌పుట్‌కి, పోయినప్పుడు ఇంకో ఇన్‌పుట్‌కి మానిటరుని తిప్పుతుంది. దాని సెట్టింగు ఫైలు ఇంతే:

```
usb_device = "046d:c31c"
on_usb_connect = "DisplayPort1"
on_usb_disconnect = "Hdmi1"
```

మొదటి వరసలోది వాడి కీబోర్డు గుర్తింపు సంఖ్య. యూఎస్‌బీ స్విచ్ నొక్కగానే కీబోర్డు డెస్క్‌టాప్ నుంచి వెళ్లిపోతుంది, ప్రోగ్రామ్ అది గమనించి తెరని ల్యాప్‌టాప్ వైపు తిప్పుతుంది. ప్రోగ్రామ్ సొంత డెస్క్‌టాప్‌లోనే ఉంది కాబట్టి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, ఐటీవాళ్ల అనుమతి కోసం టికెట్ పెట్టనక్కర్లేదు. నెట్‌వర్క్ మీదుగా మౌస్‌ని పంచుకునే సాఫ్ట్‌వేర్లని నేను పక్కన పెట్టడానికి కారణం కూడా ఇదే. అవి రెండు కంప్యూటర్లలోనూ ఉండాలి.

వెళ్లేటప్పుడు ఇబ్బంది లేదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, తెర హెచ్‌డీఎంఐ చూపిస్తుండగా డిస్‌ప్లేపోర్ట్ వైపు నుంచి వచ్చే ఆదేశాన్ని మానిటరు వినాలి. కొన్ని వింటాయి, కొన్ని వినవు. వినకపోతే వెనక్కి వచ్చేటప్పుడు మానిటరు బటన్ నొక్కుకోవాల్సిందే.

హెడ్‌సెట్, వెబ్‌క్యామ్ ఈ స్విచ్‌కి పెట్టకండి. మారిన ప్రతిసారీ యూఎస్‌బీ పరికరం ఊడి మళ్లీ తగులుతుంది, కంప్యూటరు దాన్ని కొత్తగా గుర్తుపట్టడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది. కీబోర్డుకి అది పట్టించుకోనక్కర్లేదు. కాల్ మధ్యలో మైకు అలా మాయమైతే మాత్రం మీ మాట సగంలో తెగిపోతుంది. అవి రెండూ ల్యాప్‌టాప్‌కే నేరుగా ఉండాలి. అలాగే స్విచ్ మీద ఖాళీగా ఒక పోర్టు ఉంది కదా అని పెన్‌డ్రైవ్ గుచ్చి వదలకండి. బటన్ నొక్కగానే అది కూడా కీబోర్డు వెంట ఆఫీసు ల్యాప్‌టాప్‌లోకి వెళ్తుంది. పెన్‌డ్రైవులని నిషేధించిన కంపెనీల్లో, మీరు దాన్ని ముట్టుకోకపోయినా సెక్యూరిటీవాళ్లకి అలర్టు వెళ్తుంది. మర్నాడు సంజాయిషీ మెయిలు మీరు రాసుకోవాలి.