పవర్ సేవర్ డబ్బా ఏం మిగిల్చింది?

మా పిన్ని పోయిన వారం ఆన్‌లైన్లో ‘పవర్ సేవర్’ డబ్బా ఒకటి కొంది. ప్లగ్గులో పెడితే చాలు, బిల్లు సగమవుతుందట. “పచ్చ లైటు వెలుగుతోంది కదరా, పనిచేస్తున్నట్టేగా?” అంది. సరే చూద్దామని నా ప్లగ్ మీటర్ పట్టుకెళ్లాను.

వాళ్ల పాత ఫ్రిజ్‌కి పెడితే 230 వోల్టులు, 0.9 ఆంపియర్లు చూపించింది. ఈ 230 ఆర్‌ఎంఎస్ విలువ. నిజానికి మన కరెంటు సెకనుకు 50 సార్లు 325 వోల్టుల దాకా ఎగసి, మళ్లీ అంతే కిందికి దిగుతుంది. కానీ హీటర్‌ని 230 వోల్టుల డీసీ ఎంత వేడి చేస్తుందో, ఇదీ సగటున అంతే చేస్తుంది. అందుకే 230 అంటాం.

రెండూ గుణిస్తే 207. మీటర్లో వాట్లు మాత్రం 124! మోటార్లో కరెంటు వోల్టేజీ కంటే కాస్త వెనకబడుతుంది. దాంతో తీసుకున్న శక్తిలో కొంత ఎప్పటికప్పుడు లైన్లోకే తిరిగిపోతుంది. 124ని 207తో భాగిస్తే వచ్చే 0.6నే పవర్ ఫ్యాక్టర్ అంటారు.

ఇప్పుడు అదే మీటర్ మీద ఫ్రిజ్‌తో పాటు డబ్బానీ పెట్టాను. ఆంపియర్లు 0.6కి దిగాయి. పిన్ని మొహం వెలిగిపోయింది. వాట్లు? అవే 124. డబ్బాలో ఉన్నది కెపాసిటర్. వచ్చిపోయే కరెంటును అక్కడికక్కడే సర్దుతుంది, అంతే. ఇంటి మీటర్ యూనిట్లు లెక్కగట్టేది వాట్లనిబట్టే.

“అయితే వాపస్ పంపేయనా?”

“గడువు ఇంకా మూడు రోజులుంది పిన్నీ, ఇవాళే పంపెయ్.”