చెవికి వినపడదన్నది నిజం కాదు

ఫ్రెంచి నేర్చుకునే మనవాళ్లలో ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. 'ఏ' అని అడగడానికి ఆ భాషలో వాడే 'కెల్' అనే మాటకు నాలుగు రూపాలున్నాయి. పుంలింగ ఏకవచనానికి ఒకటి, స్త్రీలింగ ఏకవచనానికి ఒకటి, వాటి బహువచనాలు రెండు. పలకడానికి నాలుగూ ఒకటే. తేడా అంతా రాతలో ఉంది: స్త్రీలింగానికి ఇంకో ఎల్, దాని వెనక ఒక ఈ, బహువచనానికి చివర ఎస్. ఆ మాత్రానికి తల బద్దలు కొట్టుకోవడం ఎందుకు, పరీక్ష ముందు పట్టిక బట్టీ పడితే చాలు, మాట్లాడేటప్పుడు లింగవచనాల గొడవే లేదు అంటారు. ఇంటర్‌లో మార్కుల కోసం రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్న పిల్లలకు ఈ సలహా తరచూ అందుతూ ఉంటుంది. ఈ సలహా తప్పు. ఫ్రెంచి ప్రశ్న ఎలా నడుస్తుందో తెలియనివ్వకుండా చేసే తప్పు.

మొదట చెవి సంగతే చూద్దాం. స్నేహితుడిని 'అమి' అంటారు. బహువచనంలో చివర ఎస్ రాస్తారు గానీ పలకరు, కనుక ఒక స్నేహితుడైనా పదిమందైనా వినిపించేది 'అమి' అనే. ఇప్పుడు దాని ముందు కెల్ పెట్టండి. 'ఏ స్నేహితుడు' అన్నప్పుడు 'కెలామి' అని వినిపిస్తుంది. 'ఏ స్నేహితులు' అన్నప్పుడు 'కెల్జామి' అని వినిపిస్తుంది. కెల్ బహువచనంలో మూగగా ఉన్న ఎస్, వెనక అచ్చు రాగానే 'జ'గా నోరు విప్పుతుంది. ఈ కలయిక ఇక్కడ తప్పనిసరి, ఇష్టమైతే చేసేది కాదు. అంటే ఒకరి గురించి అడుగుతున్నామా, కొందరి గురించా అన్నది ఆ మాటల్లో తేల్చేది ఆ ఒక్క ధ్వనే. స్నేహితుడి మాట తనంతట తాను ఏమీ చెప్పడం లేదు. లింగం తేడా ఇక్కడ వినపడదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వచనం వినపడుతోంది కదా!

ఇక 'లకెల్' దగ్గరికి వస్తే ఎదుటివారి వాదం పూర్తిగా కూలిపోతుంది. కెల్ ఎప్పుడూ నామవాచకాన్ని ఆనుకుని ఉంటుంది, లేదా 'ఉంది, ఉన్నాయి' అనే క్రియకు ఈవల ఉండి ఆవల ఉన్న నామాన్ని అడుగుతుంది. లకెల్ అలా కాదు. నామాన్ని తనలోనే మింగేసి ఒంటరిగా నిలబడే సర్వనామం అది, మన 'ఏది, ఏవి' లాగా. మనకు 'ఏ పుస్తకం, ఏ పుస్తకాలు' అన్నప్పుడు 'ఏ' మారదు. నామం తప్పుకోగానే 'ఏది, ఏవి, ఎవడు' అంటూ మారిపోతుంది. ఫ్రెంచిలో ఆ మార్పు మాట ముందు అతికిన ఉపపదంలో జరుగుతుంది: పుంలింగానికి లకెల్, స్త్రీలింగానికి లాకెల్, బహువచనానికి లేకెల్. మూడూ చెవికి వేర్వేరు.

ఒక బట్టల కొట్టు అనుకోండి. గల్లా మీద రెండు చొక్కాలు, రెండు ప్యాంట్లు పరిచి ఉన్నాయి. వాటిలో ఒకటి నచ్చలేదన్నాడు కొనేవాడు. చొక్కాకు ఫ్రెంచిలో మాట 'షమీజ్', అది స్త్రీలింగం. ప్యాంటుకు మాట పుంలింగం. కొట్టువాడు 'లాకెల్?' అన్నాడంటే చొక్కాల్లో ఏది అని అడుగుతున్నాడు. 'లకెల్?' అంటే ప్యాంట్లలో ఏది అని. వస్తువు పేరు ఎత్తలేదు, వేలు పెట్టి చూపించలేదు. ఒక్క అచ్చు తేడాతో గల్లా మీది సరుకులో సగం పక్కకు పోయింది. పట్టిక బట్టీ పట్టిన మన విద్యార్థి అన్నిటికీ లకెల్ అంటాడు. చొక్కా గురించి అడిగితే ప్యాంటు తీసి చూపిస్తారు.

అక్కడితో ఆగదు. కెల్ మోసుకొచ్చిన లింగం వాక్యం చివరిదాకా ప్రయాణిస్తుంది. ఉత్తరం, 'లెత్ర్', స్త్రీలింగం. 'నువ్వు ఏ ఉత్తరం రాశావు?' అని అడిగితే కర్మ క్రియ కంటే ముందుకు వచ్చేసింది కనుక భూతకృదంతం దానితో కలవాలి. 'రాసిన' అనే అర్థమిచ్చే 'ఎక్రి' అప్పుడు 'ఎక్రీత్' అవుతుంది. అదే 'క' పెట్టి 'ఏమి రాశావు?' అని అడిగితే ఎక్రి అలాగే ఉంటుంది, ఎందుకంటే 'క'కు లింగమూ లేదు వచనమూ లేదు. ఈ రెండు ప్రశ్నలనూ పక్కపక్కన పలికి చూడండి, చివర 'త్' స్పష్టంగా మోగుతుంది. 'తీసుకున్న', 'పెట్టిన', 'చేసిన', 'తెరిచిన' అనే కృదంతాలదీ ఇదే పద్ధతి. 'పంపిన' వంటి వాటిలో మాత్రం చేరేది మూగ ఈ, అది రాతకే పరిమితం.

ఈ కృదంతపు పొంతనను ఫ్రెంచివాళ్లే మాటల్లో చాలాసార్లు వదిలేస్తున్నారు, మనకెందుకు అని అడగవచ్చు. వదిలేస్తున్నారు, నిజమే. 16వ శతాబ్దపు కవి క్లెమాఁ మరో ఇటాలియన్ పద్ధతి చూసి బలపరిచిన నియమమిది, మొదటి నుంచీ దీనిమీద తగువులే. 2018లో ఇద్దరు బెల్జియన్ మాజీ ఉపాధ్యాయులు, అర్నో హూట్, జెరోమ్ పిరోఁ, దీన్ని తీసేయాలని పత్రికాముఖంగా వాదించారు. వాళ్ల వాదంలో బలముంది. కానీ వాళ్లు తీసేయమన్నది కృదంతపు చివరి ముక్కను మాత్రమే. వాళ్లు గెలిచిన రోజున కూడా లాకెల్ లాకెల్‌గానే ఉంటుంది, కెల్జామిలో 'జ' మోగుతూనే ఉంటుంది. వాళ్ల పేరు చెప్పుకుని ప్రశ్నపదాల పొంతనంతా అనవసరమనడం వాళ్లు అనని మాట వాళ్ల నోట పెట్టడమే.

'కి' విషయంలో మనవాళ్లు చేసే తప్పు ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే అక్కడ లేని పొంతనను తెచ్చిపెడతారు. 'కి అంటే ఎవరు' అని నేర్చుకున్న పిల్లవాడికి 'ఎవరు వచ్చారు' నోట్లో ఉంటుంది, కనుక క్రియను బహువచనంలో పెడతాడు. ఫ్రెంచిలో వచ్చినవాళ్లు నలుగురు అక్కచెల్లెళ్లని తెలిసినా సాధారణంగా క్రియ ఏకవచనంలో, కృదంతం పుంలింగంలోనే ఉంటాయి. కర్తగా నిలిచిన 'కి' తన వంతుగా ఇచ్చేది అంతే. అయితే 'ఈ ఆడవాళ్లు ఎవరు?' అన్నప్పుడు క్రియ బహువచనమవుతుంది. అక్కడ కర్త 'కి' కాదు, ఆడవాళ్లు. 'ఎవరు' అన్న ఒక్క అర్థం పట్టుకుని కూర్చుంటే ఈ రెండు వాక్యాలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నట్టే కనిపిస్తాయి. కర్త ఎవరో వెతికితే చిక్కు ఉండదు.

చివరికి రాతలోనైనా పట్టిక గట్టెక్కిస్తుందా అంటే అదీ లేదు. 'నీ చిరునామా ఏది?' అన్న ప్రశ్నలో మన పిల్లలు తరచూ పుంలింగపు కెల్ రాస్తారు. కారణముంది. 'అద్రెస్' స్త్రీలింగమే అయినా అచ్చుతో మొదలవుతుంది కనుక ముందున్న 'నీ' పుంలింగ రూపమైన 'తొఁ' వేషం వేసుకుంటుంది. నాలుగు రూపాలూ తప్పులేకుండా అప్పజెప్పిన పిల్లవాడు కూడా ఆ వేషాన్ని నమ్మి మోసపోతాడు. పట్టుకునే ఉపాయం ఒకటుంది: మధ్యలో హల్లుతో మొదలయ్యే విశేషణం దూర్చాలి. 'నీ కొత్త చిరునామా' అనగానే 'త నువెల్ అద్రెస్' అవుతుంది. 'తొఁ' పోయి 'త' బయటపడుతుంది, దానితో కెల్‌కు ఇంకో ఎల్, ఒక ఈ కావాలని తెలిసిపోతుంది.