ఏనుగు మీద అడవి లెక్క

కోస్తా జిల్లాల్లోని పాత మండువా లోగిళ్లలో ద్వారబంధాన్ని తట్టి చూపిస్తూ 'ఇది బర్మా టేకు' అని గర్వంగా చెప్పే తాతయ్యలు ఇప్పటికీ కనిపిస్తారు. ఓడలెక్కి బంగాళాఖాతం దాటి వచ్చిన ఆ కలప వెనక ఓ చిన్న లెక్క ఉంది. అడవి తరిగిపోకుండా ఏటా ఎన్ని చెట్లు కొట్టొచ్చో చెప్పే లెక్క అది.

1852లో బర్మాలోని పెగూ ప్రాంతం ఆంగ్లేయుల వశమైంది. ఓడలకు, ఇళ్లకు టేకు కావాలి. వ్యాపారులేమో దొరికిన పెద్ద చెట్టునల్లా నరికేస్తున్నారు. అడవుల బాధ్యత చూడటానికి 1856లో డీట్రిష్ బ్రాండిస్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త వచ్చాడు. ఉన్న చెట్లెన్నో తెలియకుండా కొట్టాల్సినవెన్నో ఎలా చెప్పడం? అందుకే ముందు లెక్క మొదలెట్టాడు. ఏనుగెక్కి అడవిలో ఒక దారి వెంట వెళుతూ, అటూ ఇటూ కనిపించిన టేకు చెట్లను లెక్కపెట్టేవాడు. ఒక చేతిలో నాలుగు వెదురు పుల్లలు, మరో చేతిలో చాకు. కాండం చుట్టుకొలత ఆరడుగులు దాటితే మొదటి పుల్లకు ఓ గాటు. నాలుగున్నర నుంచి ఆరడుగుల మధ్య ఉంటే రెండో పుల్లకు. ఇంకా చిన్నవాటికి మిగతా రెండు పుల్లలు.

కొట్టడానికి పనికొచ్చేది మొదటి తరగతి చెట్టే. అది పోతే దాని చోటులోకి రావాల్సింది రెండో తరగతి చెట్టు. అలా ఎదగడానికి ఇరవై నాలుగేళ్లు పడుతుందని బ్రాండిస్ అంచనా. కాబట్టి పెద్ద చెట్లలో ఏటా ఇరవై నాలుగో వంతే తీయాలన్నాడు. ఓ అడవిలో 2,400 పెద్ద చెట్లున్నాయనుకుందాం. ఏడాదికి వంద కొట్టొచ్చు. ఇరవై నాలుగేళ్లకు పాతవన్నీ అయిపోతాయి. ఈలోగా రెండో తరగతిలోని 2,400 పెరిగి వాటి స్థానంలో నిలబడతాయి.

మరి రెండో తరగతిలో 1,200 చెట్లే ఉంటే? ఏటా వంద చొప్పున కొడితే ఇరవై నాలుగేళ్ల తర్వాత సగం అడవే మిగులుతుంది. పైగా గాలికి పడిపోయేవి, మంటకు మాడిపోయేవి ఎప్పుడూ ఉంటాయి. అందుకే అడవి ఆరోగ్యం తెలియాలంటే మహావృక్షాలను చూస్తే చాలదు. వాటి కింద ఎదుగుతున్న పడుచు చెట్లెన్నో చూడాలి. అవి పలచబడితే, పైకి ఎంత దట్టంగా కనిపించినా ఆ అడవి ఖాళీ అవుతున్నట్టే.

పడుచు చెట్లు రావాలంటే వెలుతురు కావాలి. టేకు నీడను ఓర్చుకోలేదు. అందుకే ఏడాది పొడవునా పచ్చగా, చీకటిగా ఉండే సతతహరితారణ్యాల్లో అది పెరగదు. కొన్ని నెలలు ఎండ కాసి, ఆకు రాలి, నేల దాకా వెలుగు పడే ఆకురాల్చే అడవులే దాని ఇల్లు. పెగూ కొండలు అలాంటివే. వాటికంటే వాన తక్కువైనా మన ఆదిలాబాద్ అడవులూ ఆకురాల్చేవే. పెద్ద చెట్టు పడినచోట వెలుతురు సందు ఏర్పడితే మొక్కకు ఊపిరొస్తుంది. ఆ సందును వెదురు, తీగలు కమ్మేస్తే మాత్రం లెక్క తప్పుతుంది. అప్పుడు వాటిని నరికి మొక్కకు దారివ్వాల్సింది మనిషే.

చెట్టును కొట్టడంలోనూ ఓ పద్ధతుంది. పచ్చి టేకు బరువుకు నీళ్లలో తేలదు. అందుకే మొదలు దగ్గర చుట్టూ బెరడును, తెల్లచెక్కను చేవ తగిలేదాకా చెక్కేసి వదిలేసేవారు. రెండు మూడేళ్లలో చెట్టు నిలువునా ఎండేది. అప్పుడు పడగొట్టి, ఏనుగులతో వాగుదాకా లాగించి, వరదలో వదిలేవారు. ఏ చెట్టుకు గాటు పెట్టాలో అటవీ ఉద్యోగులే నిర్ణయించేవారు. నిటారుగా ఉన్న మేలైనవన్నీ తీసేస్తే, వంకర చెట్లే విత్తనాలు రాల్చడానికి మిగులుతాయి మరి!

ఈ లెక్కను పాటించినంత కాలం అడవి నిలబడుతుంది. మయన్మార్‌లో తర్వాతి దశాబ్దాల్లో లెక్కకు మించిన నరుకుడు, దొంగ రవాణా పెరిగాయి. చివరికి 2014లో ఆ దేశం దుంగల ఎగుమతిని నిషేధించింది. 2016లో దేశమంతటా ఏడాదిపాటు నరకడం ఆపింది. ఒక్క కొండల వరుసలో మాత్రం పదేళ్లపాటు ఆపుతున్నట్టు ప్రకటించింది. ఆ కొండలు మరేవో కావు... బ్రాండిస్ ఏనుగెక్కి వెదురు పుల్లలకు గాట్లు పెట్టిన పెగూ కొండలే!