సాథ్ కీ బీమారీ

మా మామూజాన్‌కి పిత్తాశయంలో రాళ్లు. ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేరిన రోజు, వాళ్ల అబ్బాయి ఫారం నింపుతూ ఒక గడి దగ్గర ఆగాడు. 'కోమార్బిడిటీస్' అని ఉందక్కడ. "భాయిజాన్, ఇదేంటి?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే పక్క మంచం వాళ్లు సలహా ఇచ్చేశారు: "లేదని రాసెయ్ బేటా, ఉందని రాస్తే ఇన్సూరెన్సోళ్లు పైసలివ్వరు." వాడు 'లేదు' అని రాశాడు. మామూజాన్‌కి షుగర్ ఉంది.

ఈ లఫ్జ్‌ని 1970లో ఫైన్‌స్టీన్ అనే అమెరికన్ డాక్టర్ వాడుకలోకి తెచ్చాడు. మతలబ్ చాలా సాదా. ఇప్పుడు ఇలాజ్ చేయించుకుంటున్న జబ్బుతో పాటు ఒంట్లో ఉన్న మరో జబ్బు. మన జబాన్‌లో సాథ్ కీ బీమారీ. షుగర్, బీపీ, ఆస్తమా, థైరాయిడ్, గుండె జబ్బు అన్నీ ఇందులోకే వస్తాయి.

డాక్టర్‌కి ఇది ఎందుకు కావాలి? ఆపరేషన్‌కి ముందు గంటల తరబడి ఖాళీ కడుపుతో ఉంచుతారు. ఆ పొద్దున కూడా అలవాటు ప్రకారం షుగర్ మాత్ర వేసుకుంటే, కొన్ని రకాల మాత్రలతో షుగర్ బాగా పడిపోతుంది. మామూలుగా అయితే చెమటలు, వణుకు వచ్చి మనకు తెలుస్తుంది. మత్తులో ఉన్న మనిషి చెప్పలేడు. షుగర్ ఎక్కువగా ఉంటే కుట్లు మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే ఖత్రా పెరుగుతుంది. అందుకే ఈ గడిలో అబద్ధం రాస్తే దాని నుక్సాన్ ముందు పేషంట్ ఒంటికే.

అబద్ధం నిలవలేదు కూడా. సాయంత్రం రక్త పరీక్షలో షుగర్ 240 వచ్చింది. డ్యూటీ డాక్టర్ వచ్చి ఎప్పటి నుంచి ఉందని అడిగాడు. ముమానీ కంగారులో, "శానా ఏళ్ల నుంచి ఉంది డాక్టర్ సాబ్, ఒక పదేళ్లు అనుకోండి" అంది. ఆయన కేస్ షీట్‌లో పదేళ్లు అని రాసుకున్నాడు. అసలు గడబిడ అక్కడ మొదలైంది.

పాలసీ తీసుకున్నది 2022 మార్చిలో. షుగర్ మొదటిసారి తేలింది 2023లో. కానీ కాగితం మీద పదేళ్లు. ఉన్న జబ్బు దాచి పాలసీ తీసుకున్నారని కంపెనీ క్యాష్‌లెస్ ఆపేసింది.

ఇక్కడే నాకు ఫరక్ అర్థమైంది. డాక్టర్ అడిగేది ఈరోజు ఒంట్లో ఏముందని. కంపెనీ చూసేది అది ఎప్పుడు వచ్చిందని. పాలసీ తర్వాత వచ్చిన షుగర్ కూడా కోమార్బిడిటీయే, కానీ అది పాత జబ్బు లెక్కలోకి రాదు. పాలసీకి ముందు 36 నెలల్లో తేలిన, లేదా వైద్యం చేయించుకున్న జబ్బే ఆ లెక్కలోకి వస్తుంది. దాన్ని ప్రపోజల్ ఫారంలో చెప్పేస్తే, 2024 ఏప్రిల్ నుంచి ఉన్న నియమం ప్రకారం, ఆ జబ్బు ఖర్చు కోసం గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి, అంతే. దాస్తే మాత్రం, పాలసీ ఆగకుండా ఐదేళ్లు నడిచేదాకా, ఏ క్లెయిమ్‌నైనా ఆ వంకతో తోసిపుచ్చవచ్చు. ఐదేళ్ల తర్వాత ధోకా అని రుజువు చేస్తేనే వీలవుతుంది.

మామూజాన్‌ని కాపాడింది ఒక పాత కాగితం. సౌదీ నౌకరీ కోసం 2021లో చేయించుకున్న మెడికల్ రిపోర్ట్‌లో షుగర్ మామూలుగా ఉంది. దానికి 2023 నాటి ల్యాబ్ రిపోర్ట్ జోడించి చూపిస్తే, డాక్టర్ కేస్ షీట్ సరిచేసి సర్టిఫికెట్ ఇచ్చాడు. బిల్లు మేమే కట్టి, తర్వాత క్లెయిమ్ చేస్తే పైసలు వచ్చాయి. అప్పటికీ కంపెనీ వినకపోతే, ముందు కంపెనీకే రాతపూర్వకంగా షికాయత్ ఇచ్చి, నెలలో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు.

బీమా జాయజా కాదా అన్న బహస్ ఉలమాలది. కానీ మాల్‌లోని ఐబ్ చెప్పి అమ్మాలని బచ్‌పన్ నుంచి విన్నవాళ్లం కదా, ప్రపోజల్ ఫారం దగ్గర ఎందుకు మరచిపోతాం?

తప్పు మనదొక్కటే కాదు. ఆస్పత్రులు ఆ గడిలో తెలుగులో, ఉర్దూలో మూడు సవాళ్లు రాయాలి: ఇంకేం జబ్బులున్నాయి, ఎప్పుడు తేలింది, ఏ మందు వాడుతున్నారు? ఆ కంగారులో 'కోమార్బిడిటీ' అని ఒక్క మాట పడేస్తే, జవాబు పక్క మంచం నుంచే వస్తుంది.

మా ముమానీ ఇప్పుడు ఆ మూడు జవాబులూ ఒక కాగితం మీద రాయించుకుని, మామూజాన్ ఆధార్ కార్డుతో పాటు బటువాలో పెట్టుకుంటోంది. ఎప్పటి నుంచి అని ఎవరడిగినా, కాగితం తీసి చూపిస్తుంది.