ఓదార్పు మాటలో ‘మేము’, ‘మనము’

తంబళ్లపల్లె మండలంలోని ఒక పల్లెలో పక్కపక్క ఇళ్లలో పెరిగిన ఇద్దరు మిత్రులున్నారు. ఒకరు మన సోదరుడు, కొన్నేళ్లుగా కువైట్‌లో పని చేస్తున్నాడు. మరొకరు హైందవ కుటుంబీకుడు, టమోటా పండించి మదనపల్లె మార్కెట్టుకు తోలే రైతు. మొన్న వేసవిలో ఈ రైతు తండ్రి మరణించాడు. వార్త అందిన గంటలోనే కువైట్ నుండి మిత్రుని ఫోనుకు ఒక సందేశం వచ్చింది. అది ఇలా ఉంది:

“మీ తండ్రిగారి మరణవార్త తెలిసింది. నీ నష్టానికి విచారిస్తున్నాను. సహనం వహించు. అల్లాహ్ ఆయన పాపాలను క్షమించుగాక. మేము అల్లాహ్‌కు చెందినవారము, ఆయన వైపుకే మరలిపోవలసినవారము.”

దానికి జవాబు రాలేదు. వారం గడిచిన తర్వాత ఆ రైతు మరొకరితో అన్న మాట మాత్రం కువైట్ దాకా వెళ్లింది: “మా నాయన ఏం పాపం చేసినాడని వాడు అట్ల రాసినాడు?”

రాసిన వాని మనసులో దురుద్దేశం అణుమాత్రమైనా లేదు. అతడు ఆ రాత్రి ఏడ్చాడని అతని తల్లి మాకు చెప్పింది. ఇంట్లో దక్కనీ ఉర్దూలో విన్న మాటలను, పనిచోట ఇంగ్లీషులో విన్న మాటను తెచ్చి, ఒక్కొక్క పదానికి ఒక్కొక్క తెలుగు పదం పెట్టాడు. దోషమంతా అక్కడే జరిగింది. ఈ సంగతి మన ఇళ్లలో ఎందరికో ఎదురయ్యేదే కనుక ఈ నెల ఆ సందేశాన్నే ముందుంచుకొని మాట్లాడుకుందాము.

మొదటి వాక్యంలో తప్పేమీ లేదనిపిస్తుంది. కానీ ఈ యువకుడు చిన్ననాటి నుండి ఆ పెద్దాయనను ‘మామా’ అనే పిలిచాడు. పుట్టినప్పటి నుండి మామ అయినవాడు మరణించిన రోజున ‘మీ తండ్రిగారు’ అయిపోయాడు. మర్యాద పెరిగింది గానీ వరుస తెగింది. మన ప్రాంతంలో ఇరుగుపొరుగు మతమేదైనా వరుసలు కలుపుకొనే పిలుచుకుంటారు. దుఃఖంలో ఉన్న ఇంటికి ఆ వరుసే మొదటి ఓదార్పు. “మామ పోయినాడంట కదరా” అన్న మాటలో, పోయినది నాకు కూడా అన్న అర్థం తనంతట తానే ఇమిడి ఉంది.

రెండవ వాక్యం ఇంగ్లీషు నుండి వచ్చింది. ఆ భాషలో లాస్ అనే పదం సొమ్ము పోయినా, మనిషి పోయినా చెల్లుతుంది. తెలుగులో నష్టమంటే లెక్క. మదనపల్లె మార్కెట్టులో ధర పడిపోతే నష్టం, వడగండ్ల వానకు పైరు పోతే నష్టం. పైగా ‘విచారించు’ అన్న క్రియకు మనకు రెండు అర్థాలున్నాయి: బాధపడటం ఒకటి, ఆరా తీయటం మరొకటి. ‘నష్టానికి విచారిస్తున్నాను’ అని చదివిన రైతుకు పంట నష్టం రాసుకోవడానికి వచ్చిన అధికారి గుర్తుకు వస్తే అది అతని తప్పు కాదు.

‘సహనం వహించు’ అన్న మూడవ వాక్యం మరింత ఆలోచింపదగినది. దక్కనీలో మన పెద్దలు అనేది “అల్లా సబర్ దే” అని. ఇది బాధితునికి ఇచ్చే ఆజ్ఞ కాదు, అల్లాహ్‌కు చేసుకొనే వేడికోలు. బాధితుని పక్కన కూర్చొని, అతని కోసం పైవానిని అడగటం. దానిని ‘సహనం వహించు’ అని మార్చగానే మాట దిశ తిరిగిపోయింది. పైవాని వైపు వెళ్లవలసినది నేరుగా దుఃఖితుని మీదకే వచ్చి పడింది. తెలుగులో ‘సహనం’ అనే మాటను మనం ఎక్కడ వింటామో గుర్తు తెచ్చుకోండి. బస్సు ఆలస్యమైనప్పుడు, వరుసలో తోపులాట జరిగినప్పుడు ‘సహనం పాటించండి’ అంటారు. అందులో ఎదుటివారు సహనం కోల్పోయారన్న నింద కూడా కొంత ఉంటుంది.

అరబీలో సబ్ర్ అన్న పదానికి మూలార్థం పట్టి నిలుపుకోవటం, బిగబట్టుకోవటం. దానికి దగ్గరి మాటలు మన పల్లెల్లోనే ఉన్నాయి: గుండె నిబ్బరం, మనసు దిటవు, ధైర్యం. “దేవుడు నీకు గుండె నిబ్బరం ఇయ్యాల” అంటే పదమూ సరిపోయింది, వేడికోలు రూపమూ నిలిచింది.

సబ్ర్ అన్న మాట కూడా వేళ తప్పితే గుచ్చుకుంటుందనడానికి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఒక వృత్తాంతం సాక్ష్యం. సమాధి వద్ద ఏడుస్తున్న ఒక స్త్రీకి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అల్లాహ్ పట్ల భయభక్తులను, సబ్ర్‌ను గుర్తు చేశారు. ఆయన ఎవరో ఆమెకు తెలియదు. నా మీద పడిన ఆపద మీ మీద పడలేదు, నన్ను వదిలి వెళ్లండన్న భావంతో ఆమె బదులిచ్చింది. ఆయన కోపగించలేదు. తర్వాత ఎవరో చెప్పగా తెలుసుకొని ఆమె ఆయన ఇంటికి వెళ్లి, మిమ్మల్ని గుర్తించలేకపోయానని చెప్పుకుంది. నిజమైన సబ్ర్ తొలి దెబ్బ తగిలిన వేళదేనని ఆయన అప్పుడు ఉపదేశించారు. ఈ వృత్తాంతాన్ని సాధారణంగా ఆ చివరి ఉపదేశం కోసమే చెబుతారు. మాకు మాత్రం ఆ స్త్రీ మొదట ఇచ్చిన సమాధానం కూడా అంతే ముఖ్యమైనదిగా తోస్తుంది. అపరిచితుని నోట వచ్చిన మంచి మాటను కూడా దుఃఖం మొదట పరాయి మాటగానే వింటుంది.

ఇక ఆ రైతు మనసును నొప్పించిన నాలుగవ వాక్యం. మగ్ఫిరత్ అన్న పదాన్ని ‘పాపాలను క్షమించటం’ అని తెలుగు చేయటం మన పుస్తకాలలో అలవాటై పోయింది. అరబీ ధాతువులో కప్పటం, కాపాడటం అన్న భావముంది. యోధులు తలకు రక్షణగా ధరించే లోహపు కవచాన్ని మిగ్ఫర్ అనేది కూడా ఈ ధాతువు నుండే. ఆ కప్పి కాచే భావం తెలుగు వాక్యంలో జారిపోయి, పాపమన్న ఒక్క మాట పైకి తేలింది. మన ఇళ్లలో మగ్ఫిరత్ కోరటం ప్రతి మృతునికీ చేసే గౌరవం. పుణ్యాత్ముడైనా, పసివాని వంటి మనసున్నవాడైనా ఆ దుఆకు మినహాయింపు లేదు. కానీ ఆ నేపథ్యం లేని ఇంట్లో, శవం లేచిన రోజున, తండ్రి పాపాల ప్రస్తావన నేరారోపణలాగానే వినిపిస్తుంది. పైగా ఆ దుఆ విశ్వాసుల జనాజాకు సంబంధించినది. అన్య మతస్థులైన పొరుగువారి ఇంట మన మాట బ్రతికి ఉన్నవారి వైపు తిరగాలి: వారి ధైర్యం, వారి ఆరోగ్యం, వారి పిల్లలు. ముస్లిం కుటుంబానికే తెలుగులో రాసేటప్పుడైనా “అల్లాహ్ ఆయనను తన కారుణ్యంలో ఉంచాలి” అంటే మేలని మా అభిప్రాయం. ‘క్షమించుగాక’, ‘ప్రసాదించుగాక’ అన్న రూపాలు పుస్తకంలో అందంగానే ఉంటాయి. అరుగు మీద కూర్చున్నప్పుడు ఎవరూ అలా మాట్లాడరు.

చివరిది ‘ఇన్నా లిల్లాహి’. అల్ బఖరా సూరా 156వ ఆయతులో ఇది ఆపద తగిలినవారు తామే పలికే మాటగా వచ్చింది. అరబీలో ‘మేము’కూ ‘మనము’కూ వేరువేరు పదాలు లేవు. తెలుగులో ఉన్నాయి. మేము అంటే ఎదుటివాడు బయట ఉన్నట్టు, మనము అంటే లోపల ఉన్నట్టు. అనువాదకుడు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. బాధితుడు తన గురించి చెప్పుకుంటున్నప్పుడు ‘మేము’ సరిపోతుంది. అదే వాక్యాన్ని పరామర్శకు వెళ్లినవాడు బాధితునితో అంటే, మేము అల్లాహ్‌కు చెందినవారము, మరి నీవో? అన్న అర్థం వచ్చి కూర్చుంటుంది. పరాయి మతంవాడైన మిత్రునితో అన్నప్పుడు మరీను. అక్కడ కావలసినది ‘మనము’. “మనమందరమూ ఆయన దగ్గరికి పోవలసినవాళ్లమే” అనటంలో ఎవరూ బయట మిగలరు. (మేమీ శీర్షికలో ప్రతి నెలా ‘మేము’ అంటూ రాస్తున్నాము. ఆ మాటకు గోడ ఉందన్న సంగతి ఇంతకు ముందు మాకూ తట్టలేదు.)

మృతుని ఇంటి మాటలు ఇటు నుండి అటు వెళ్లేటప్పుడు కూడా ఇలాగే తడబడతాయి. తెలుగువారు చావు ఇంటి నుండి లేచేటప్పుడు ‘వెళ్లొస్తాము’ అనరు. మళ్లీ ఇలాంటి పనికి రావటమన్న శంక ఉంటుంది గనుక మౌనంగా లేచి వెళ్లిపోతారు. సలాము చెప్పి వీడ్కోలు తీసుకోవటం అలవాటైన మన ఇళ్లలో కొందరు దీనిని నిరాదరణ అనుకుంటారు. మదనపల్లెలో ఒక సోదరి, భర్త మరణించిన మూడవ రోజున, కూతురి ఉపాధ్యాయురాలు ‘చెప్పకుండానే వెళ్లిపోయింది’ అని బాధపడింది. ఆ ఉపాధ్యాయురాలు తన పద్ధతిలో ఎంతో జాగ్రత్తగా ప్రవర్తించింది.

మళ్లీ మన పల్లెకు వద్దాము. ఆ యువకుని తల్లి మరణవార్త తెలిసిన వెంటనే పక్కింటికి వెళ్లింది. ఆమె సూత్రాలేవీ ఆలోచించలేదు. మృతుని భార్య పక్కన కూర్చొని, చేయి పట్టుకొని అడిగినది ఒక్కటే: “ఎట్ల జరిగె వదినా?” మన ఇళ్లలో ‘కైసా హువా?’ అనేది కూడా ఇదే. ఇది సమాచారం కోసం అడిగే ప్రశ్న కాదు, ఊరందరికీ సంగతి అప్పటికే తెలుసు. దుఃఖితురాలికి మాట్లాడే వంతు ఇవ్వటానికి అడిగేది. ఆవిడ చెప్పింది. మరొకరు వచ్చారు, వారు అడిగారు, మళ్లీ మొదటి నుండి చెప్పింది. సాయంత్రానికి ఎన్నిమార్లు చెప్పిందో. ఇంగ్లీషు సందేశంలో మాట్లాడేవాడు తన బాధను ప్రకటిస్తాడు. ఇక్కడ వచ్చినవారు తమ గురించి ఏమీ చెప్పరు. తరతరాలుగా ఒకే వీధిలో మసలిన తెలుగూ దక్కనీ ఈ ఒక్క ప్రశ్న దగ్గర పదం పదానికీ సరిపోతాయి. ఆ యువకుడు అనువదించకుండా వదిలేసినది సరిగ్గా దీనినే.

కొడుకు రాసిన సంగతి తెలిసి తల్లి ఫోనులో మందలించింది. “రాయొద్దు, మాట్లాడు” అంది. అతడు శుక్రవారం సెలవు రోజున మిత్రునికి ఫోను చేశాడు. పాత సందేశం గురించి ఎత్తలేదు. “ఒరే, మామ ఎట్ల పాయరా? కడదాకా మాట్లాడతానే ఉండెనా?” అని అడిగాడు. అవతల కొంతసేపు మౌనం. తర్వాత మిత్రుడు మొదలుపెట్టాడు: ముందురోజు మధ్యాహ్నం తోటకు నీళ్లు కట్టటం, రాత్రి అన్నం వద్దనటం, తెల్లవారుజామున మంచినీళ్లు అడగటం. అరగంట పైన చెప్పాడట. ఇతడు ‘ఊఁ’ కొట్టటం తప్ప ఏమీ అనలేదు. చివరకు ఆ రైతే నిట్టూర్చి, “ఏం చేస్తాంలేరా, మనమంతా ఆ దారిన పోవాల్సినోళ్లమే కదా” అన్నాడట.